నడుము పట్టేసింది, ఈరోజు రెండో రోజు. పడుకోవాలా, నడవాలా?

తోతాపురి తోట (దామలచెరువు) · జూన్ 17, రాత్రి 8:50

అందరికీ నమస్కారం. నిన్న పొద్దున పదకొండు గంటలప్పుడు తోటలో కాయల క్రేట్లు బొలెరోకి ఎక్కిస్తున్నాం. ఇరవై దాకా ఎక్కించినా ఏమీ కాలేదు. ఆ తర్వాత కొంచెం దూరంగా ఉన్న క్రేటుని నడుం వంచి చేతులు చాచి అందుకుని, అట్లే పక్కకి తిరిగి బండిలో పెట్టబోతే నడుంలో టక్కుమన్నట్టు అయింది. నిజంగా శబ్దం వచ్చిందో, నాకే అట్లా అనిపించిందో తెలీదు. క్రేటు చేతిలోంచి జారిపోయింది, నేను మోకాళ్ళ మీద కూలబడ్డాను. పది నిమిషాలు గాలి పీల్చుకోవాలన్నా భయమేసింది. మా కూలీలిద్దరు పట్టుకుని జీపులో పడుకోబెట్టి ఇంటికి తెచ్చారు.

ఇప్పుడు పరిస్థితి ఏంటంటే, నిలబడితే ఒళ్ళు కుడి పక్కకి ఒరిగిపోయి ఉంది, అద్దంలో చూసుకుంటే నాకే నవ్వొచ్చింది, నవ్వితే నొప్పి. తుమ్మితే ప్రాణం పోతోంది. నిన్న సాయంత్రం ఇక్కడి క్లినిక్‌లో ఒక ఇంజెక్షన్ వేసి, మాత్రలిచ్చి, రెస్టు తీసుకోమన్నారు. ఎన్ని రోజులని అడగడం మర్చిపోయినా. మా అమ్మ మూడు వారాలు చెక్క బల్ల మీద కదలకుండా పడుకోవాలంటోంది. మా బావమరిది బెంగళూరు నుంచి ఫోన్ చేసి వెంటనే ఎం.ఆర్.ఐ. తీయించమంటున్నాడు. పైగా 29వ తేదీ మా పాపకి తలనీలాలు, అలిపిరి నుంచి నడిచి ఎక్కుతామని మొక్కుకున్నాం. నా వయసు 41, షుగర్ లేదు, బీపీ లేదు. ఇంతకుముందు ఇట్లా ఎప్పుడూ కాలేదు.

భాస్కర్ మామ (చిత్తూరు) · జూన్ 17, రాత్రి 9:14

మీ అమ్మ చెప్పిందే కరెక్టు అబ్బాయ్. అది డిస్క్ జరగడం. 1994లో బెల్లం గానుగ దగ్గర పెనం దించుతుంటే నాకూ ఇట్లాగే అయింది. పెద్ద డాక్టరు మూడు వారాలు బల్ల మీద పడుకోబెట్టాడు, కాలికి బరువు కూడా కట్టాడు. నడిచావంటే ఆ జరిగిన డిస్కు ఇంకా బయటికొస్తుంది. మూడు వారాలు పడుకుంటే అదే లోపలికి పోతుంది. ఈ కాలం పిల్లలకి ఓపిక లేదు.

శైలు అక్క (శ్రీకాళహస్తి) · జూన్ 17, రాత్రి 9:20

ఒకసారి స్కాన్ తీయించండి తమ్ముడూ, ఇది నడుం నొప్పి కాకపోవచ్చు. మా వారికి సరిగ్గా ఇట్లాగే నడుం పక్కన మొదలై చూస్తే కిడ్నీలో రాయి తేలింది. బార్లీ నీళ్ళు బాగా తాగండి.

జిమ్ కుర్రోడు (కొర్లగుంట) · జూన్ 17, రాత్రి 9:41

అన్నా పడుకోవద్దు. లేచి బాగా స్ట్రెచ్ చెయ్. వంగి కాలి వేళ్ళు ముట్టుకోవడం, సూర్య నమస్కారాలు రోజూ 12. పట్టేసిన కండరం సాగదీస్తేనే వదులుతుంది. నాకు డెడ్‌లిఫ్ట్ అప్పుడు అయితే రెండు రోజుల్లో పోయింది.

రేణిగుంట ఫిజియో · జూన్ 17, రాత్రి 10:25

తోట అన్నా, ముందు నేను నాలుగు ప్రశ్నలు అడుగుతా, వాటికి జవాబిచ్చాక మిగతాది మాట్లాడుకుందాం. నొప్పి ఎక్కడి దాకా ఉంది, నడుంలోనేనా, పిర్ర దాకానా, మోకాలి కిందికి దిగుతోందా? మూత్రం మామూలుగా వస్తోందా, పట్టేసినట్టు ఏమైనా ఉందా? సైకిల్ సీటు తగిలే చోట, అంటే తొడల మధ్య, మొద్దుబారినట్టు ఉందా? గోడ పట్టుకుని మడమల మీద నాలుగడుగులు, మునివేళ్ళ మీద నాలుగడుగులు వెయ్యగలుగుతున్నావా? జ్వరం ఉంటే అది కూడా చెప్పు.

శైలు అక్కా, మీ అనుమానంలో తప్పులేదు కానీ రాయి నొప్పి తీరు వేరు. రాయి నొప్పి వచ్చిన మనిషి ఒక చోట పడుకోలేడు, అటూ ఇటూ పొర్లుతాడు, నొప్పి అలలా వచ్చి గజ్జలోకి దిగుతుంది. ఈయన కదిలితే నొప్పి, కదలకుంటే తగ్గుతోంది. క్రేటు ఎత్తిన క్షణమే మొదలైంది.

తోతాపురి తోట · జూన్ 17, రాత్రి 10:52

ఎడమ పిర్ర పైభాగం దాకా ఉంది, కాల్లోకి దిగలేదు. మూత్రం మామూలే, కాకపోతే బాత్రూం దాకా పోవడమే పెద్ద యాత్ర. మొద్దుబారడం లేదు. మా ఆవిడ పట్టుకుంటే మడమల మీద నడిచినా, మునివేళ్ళ మీద కూడా. నొప్పి ఉంది కానీ కాలు సత్తువగానే ఉంది. జ్వరం లేదు.

రేణిగుంట ఫిజియో · జూన్ 17, రాత్రి 11:30

సరే. ఈ జవాబులు చూస్తే ప్రస్తుతానికి కంగారు పడే లక్షణం ఏదీ కనబడటం లేదు. ఇందులో ఏది మారినా నా మాటలు పక్కన పెట్టి నేరుగా ఆస్పత్రికి పో.

ఇప్పుడు అసలు ఏం జరిగిందో చెప్తా. పాత బావుల దగ్గర ఏతం చూసుంటావు. ఒక పక్క కొయ్య పొడుగు, ఇంకో పక్క పొట్టి. పొట్టి పక్క నుంచి బరువు లేపాలంటే అక్కడ చాలా ఎక్కువ బలం పెట్టాలి. నీ నడుం సరిగ్గా అట్లాంటిదే. వెన్ను కండరాలు వెన్నుపూసకి అయిదారు సెంటీమీటర్ల దూరంలో ఉంటాయి. నువ్వు చేతులు చాచి పట్టుకున్న క్రేటు అర మీటరు దూరంలో ఉంది. క్రేటు ఇరవై కేజీలే అయినా దాన్ని నిలబెట్టడానికి ఆ కండరాలు దాదాపు రెండొందల కేజీల బలంతో లాగాలి, వంగిన నీ ఒంటి బరువు దానికి అదనం. అదే క్రేటు పొట్టకి ఆనించి ఎత్తి ఉంటే ఆ లాగుడు సగానికంటే తక్కువ ఉండేది. పైగా నువ్వు ఆ బరువుతోనే పక్కకి తిరిగావు, అదీ ఇరవై క్రేట్లు ఎత్తి అలిసిపోయాక.

ఆ క్షణంలో లోపల ఏదో చిన్నది దెబ్బతింది. కండరంలో కొన్ని పోగులా, పూసల మధ్య చిన్న కీలు పొరా, డిస్కు బయటి పట్టీనా అన్నది నాకే కాదు, ఏ డాక్టరుకీ చేత్తో చూసి కచ్చితంగా చెప్పడం కుదరదు. చెప్పగలిగినా చేసే వైద్యం మారదు. అక్కడి నరాలు వెన్నుపాముకి కబురు పంపితే, అది నీ ఇష్టంతో పనిలేకుండా నడుం రెండు వైపులా కండరాలన్నిటినీ బిగబట్టమంటుంది. దెబ్బ తగిలిన చోటు కదలకుండా ఒళ్ళే కట్టు కట్టేసుకుంటుంది. ఒక పక్క ఎక్కువ బిగుసుకోవడం వల్లే అద్దంలో వంకరగా కనిపిస్తున్నావు. మనం నడుం పట్టేసిందనేది దీన్నే.

అయితే ఈ కట్టు వేళకి విప్పుకోదు, చిక్కంతా అక్కడే. గంటల తరబడి బిగుసుకున్న కండరం తన రక్తనాళాలనే నొక్కేసుకుంటుంది, అదే నొప్పి పుడుతుంది. ఆ నొప్పి కబురు మళ్ళీ పైకి పోతుంది, ఇంకా బిగబట్టమని మళ్ళీ కిందికి వస్తుంది. దీనికి తోడు ఎక్కడ మళ్ళీ పట్టేస్తుందోనని నువ్వు ఊపిరి బిగబట్టి కదులుతుంటే అదీ కలుస్తుంది. అంటే రెండో రోజున నిన్ను వంగనివ్వనిది మొదటి రోజు దెబ్బ ఒక్కటే కాదు, ఎక్కువ భాగం ఈ బిగుసుడే.

జిమ్ కుర్రోడు · జూన్ 17, రాత్రి 11:44

అదే కదా నేను చెప్పింది సార్, సాగదియ్యమని.

రేణిగుంట ఫిజియో · జూన్ 17, రాత్రి 11:58

సగం కరెక్టు తమ్ముడూ. కదలాలి, అది నిజం. కానీ బలవంతంగా వంగి కాలివేళ్ళు ముట్టుకుంటే ఆ కండరానికి మళ్ళీ ఎవరో దాడి చేస్తున్నట్టే, ఇంకా గట్టిగా పట్టేస్తుంది. ఈ వారం సాగదీయడాలు వద్దు. చిన్న చిన్న కదలికలు, మాటిమాటికీ, నొప్పి భరించగలిగినంత వరకే. నడిచేటప్పుడు కండరం ఒక అడుగుకి బిగిసి మరో అడుగుకి వదులుతుంది. అందులో రక్తం ఆడుతుంది. పైగా ప్రతి అడుగూ వెన్నుపాముకి చెప్పే మాట ఒకటే, కదిలినా ఏమీ కాలేదని.

తోట అన్నా, రేపటికి ఇంతే చెయ్. మంచం మీంచి లేచేటప్పుడు తిన్నగా లేవొద్దు. మోకాళ్ళు మడిచి, ఒళ్ళంతా దుంగలా ఒకేసారి పక్కకి దొర్లి, కాళ్ళు మంచం కిందికి వదులుతూ చేత్తో నెట్టుకుని కూర్చో. మెలకువగా ఉన్నంతసేపు గంటకొకసారి హాల్లో అయిదు నిమిషాలు నడువు, చిన్న అడుగులే, చేతులు వదులుగా ఊపుతూ, ఊపిరి బిగబట్టకుండా. మధ్యలో అలుపొస్తే నేల మీద చాప వేసుకుని వెల్లకిలా పడుకుని, పిక్కలు కుర్చీ మీద పెట్టు, పావుగంట. అదే పడకలో మోకాళ్ళు మడిచి గోడ గడియారం లోలకంలా అటూ ఇటూ మెల్లగా వాల్చు, ఒక పదిసార్లు. తుమ్ము వస్తుందనిపిస్తే గోడకి చెయ్యి ఆనించి మోకాళ్ళు కొంచెం వంచు. పొద్దున లేచిన మొదటి గంట వంగొద్దు, రాత్రంతా పడుకున్నాక డిస్కు నీళ్ళు పీల్చుకుని ఉబ్బి ఉంటుంది, అప్పుడు వంగితే దాని మీద ఒత్తిడి ఎక్కువ.

నైట్ డ్యూటీ · జూన్ 18, తెల్లవారుజాము 3:10

నర్సుని, డ్యూటీలో ఖాళీ దొరికి చదివా. ఫిజియో గారు చెప్పనిది ఒకటి. ఇండియన్ టాయిలెట్‌లో కూర్చోవద్దు అన్నా, లేవలేక గోడ పట్టుకుని ఏడుస్తారు, చాలామందిని చూశా. కమోడ్ లేకపోతే మధ్యలో రంధ్రం ఉండే ప్లాస్టిక్ కుర్చీ మెడికల్ షాపుల్లో దొరుకుతుంది.

మాత్రల సంగతి. ఇబుప్రొఫెన్ లాంటివి కొంత పనిచేస్తాయి, తిన్న తర్వాతే, నాలుగైదు రోజులు. కడుపులో పుండు, కిడ్నీ సమస్య, గుండె జబ్బు ఉన్నవాళ్ళు, రక్తం పలచబడే మందులు వాడేవాళ్ళు వాటి జోలికి డాక్టరుని అడక్కుండా పోవద్దు. క్లినిక్‌లో ఇచ్చినవాటిలో కూడా ఆ రకం మాత్ర ఉందేమో చూడండి, రెండూ కలిపి వేసుకునేవాళ్ళు ఉన్నారు. కండరాలు వదులయ్యే మాత్ర కూడా ఇచ్చి ఉంటే నిద్ర మత్తుగా ఉంటుంది, బండి నడపొద్దు.

పారాసెటమాల్ వేసుకుంటే త్వరగా తగ్గుతుందని అందరూ అనుకుంటారు. ఆస్ట్రేలియాలో 1600 మందికి పైగా నడుం నొప్పి వాళ్ళ మీద చేసిన పరీక్ష 2014లో వచ్చింది. పారాసెటమాల్ వేసుకున్నవాళ్ళు, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్ళు ఇంచుమించు ఒకే రోజుల్లో కోలుకున్నారు, సగం మందికి 17 రోజుల లోపే తగ్గింది. మాత్ర మాట పక్కన పెట్టండి, ఆ 17 రోజుల లెక్క గుర్తుంచుకోండి. నాలుగో రోజుకే తగ్గలేదేంటని హడావుడి పడొద్దు.

భాస్కర్ మామ · జూన్ 18, ఉదయం 7:05

ఏం పరీక్షలో ఏమో. నేను మూడు వారాలు పడుకున్నా, తగ్గింది. అది నా అనుభవం. దానికేమంటారు?

రేణిగుంట ఫిజియో · జూన్ 18, ఉదయం 7:40

తగ్గింది మామా, కాదనను. కానీ పడుకోకపోయినా తగ్గేదేమో అన్నది మీరొక్కరూ తేల్చలేరు, ఎందుకంటే మీరు రెండూ చెయ్యలేదు. దాన్ని తేల్చినవాళ్ళున్నారు. ఫిన్లాండ్‌లో హెల్సింకి నగర ఉద్యోగుల్ని మూడు గుంపులు చేశారు. ఒక గుంపు రెండు రోజులు మంచం మీదే, ఇంకో గుంపుకి నడుం కదిలించే వ్యాయామాలు, మూడో గుంపుని భరించగలిగినంత వరకు మామూలు పనులు చేసుకోమన్నారు. 1995లో అచ్చయింది. అందరికంటే ముందు కోలుకున్నది ఆ మామూలు పనుల గుంపే. పడుకున్నవాళ్ళే వెనకబడ్డారు. నా లాంటి ఫిజియోకి అందులో మింగుడుపడని విషయం ఏంటంటే మొదటి రోజుల్లో వ్యాయామాలు చేసినవాళ్ళు కూడా మామూలుగా తిరిగినవాళ్ళకంటే వెనకే ఉన్నారు. అందుకే తోట అన్నకి నేను పెద్ద వ్యాయామాల చిట్టా ఇవ్వలేదు.

మీ కాలంలో అందరికీ అదే చెప్పేవాళ్ళు, అది డాక్టరు తప్పు కాదు. ఇక డిస్కు లోపలికి పోవడం, బయటికి రావడం అనేది సొరుగు లాంటి యవ్వారం కాదు మామా.

తోతాపురి తోట · జూన్ 18, రాత్రి 9:30

ఈరోజు పదకొండు సార్లు నడిచినా, మా పాప పలక మీద గీతలు పెట్టింది. మొదటిసారి హాలు ఈ చివర నుంచి ఆ చివరకి పోవడానికి చెమటలు పట్టాయి. మధ్యాహ్నానికి కొంచెం తేలిక. దుంగలా దొర్లి లేవడం మాత్రం బంగారం, దాంతోనే సగం భయం పోయింది. వంకర అట్లే ఉంది. మా అత్త వావిలాకు మరిగించి ఆ నీళ్ళతో కాపడం పెట్టింది, హాయిగా ఉంది. ఇట్లా కాపడం పెట్టొచ్చా? ఇంకోటి, మా వీధిలో ఎదురుకాళ్ళతో పుట్టినామె ఉంది, ఆమె కాలితో తంతే నడుం పట్టు పోతుందంటున్నారు.

శైలు అక్క · జూన్ 18, రాత్రి 9:48

తన్నించుకోండి తమ్ముడూ, మా ఊళ్ళో అందరూ చేస్తారు, మా నాన్నకి పోయింది. రాయి కాదన్నారు కదా, సంతోషం.

జిమ్ కుర్రోడు · జూన్ 18, రాత్రి 9:55

పుత్తూరు పోయి కట్టు కట్టించుకో అన్నా.

రేణిగుంట ఫిజియో · జూన్ 18, రాత్రి 10:30

కాపడం పెట్టుకో, వేడి తగిలితే బిగుసుకున్న కండరానికి ఊరటే. ఒక్కోసారి పావుగంట, ఇరవై నిమిషాలు, చర్మం కాలకుండా. వావిలాకైనా ఉప్పు మూటైనా వేడే ముఖ్యం. కాపడం తీసిన వెంటనే నడువు, ఆ పది నిమిషాలు ఒళ్ళు మాట వింటుంది.

ఎదురుకాళ్ళామె మెల్లగా కాలు తాకించి వదిలేస్తే నష్టం లేదు, నిజంగా తన్నితే వద్దు. మూడో నాలుగో రోజున ఎట్లాగూ తగ్గడం మొదలవుతుంది, ఆ పేరు ఎవరు ఆరోజు తగిలితే వాళ్ళకి వస్తుంది. ఇది నాకూ వర్తిస్తుందిలే. పుత్తూరు కట్టు పేరు విరిగిన ఎముకలకి, నీకు ఎముక విరగలేదు, కదలాల్సిన నడుంకి కట్టెందుకు? బెల్టు కూడా అంతే, బయటికి పోవాల్సి వస్తే గంటో రెండు గంటలో పెట్టుకో, రోజంతా వద్దు.

తోతాపురి తోట · జూన్ 20, ఉదయం 10:15

మా బావమరిది ఊరుకోవడం లేదు. ఎం.ఆర్.ఐ.కి తిరుపతిలో అపాయింట్‌మెంట్ కూడా తీసేశాడు. నిన్నటికి వంకర సగం తగ్గింది, ఇంటి ముందు వీధి చివరి దాకా పోయొచ్చినా. ఇప్పుడు తీయించాలా వద్దా?

రేణిగుంట ఫిజియో · జూన్ 20, మధ్యాహ్నం 1:20

నా మాట అయితే ఇప్పుడు వద్దు. నొప్పే లేని మనుషులకి స్కాన్ తీస్తే నలభై ఏళ్ళ వాళ్ళలో దాదాపు సగం మందికి డిస్కు ఉబ్బినట్టు కనిపిస్తుంది. నీకు తీస్తే ఎల్ 4, ఎల్ 5 పూసల దగ్గర ఉబ్బింది అని రిపోర్టు రావచ్చు, అది క్రేటు ఎత్తకముందే ఉండి ఉండొచ్చు. కానీ ఆ కాగితం చేతికొచ్చాక నువ్వు గ్లాసు కూడా ఎత్తవు, అట్లాంటివాళ్ళు నా దగ్గరికి నెల నెలా వస్తారు. ఆరు వారాలైనా ఏ మార్పూ లేకపోతే, లేదా కాల్లోకి నొప్పి దిగి సత్తువ తగ్గుతుంటే అప్పుడు తీయించడంలో అర్థం ఉంది.

పీలేరు రమణ · జూన్ 20, మధ్యాహ్నం 2:05

ఇక్కడ అందరూ నడవమంటున్నారు కాబట్టి ఒకటి చెప్పాలి. మా అన్నకి ఇట్లాగే సిమెంటు బస్తా ఎత్తినాక మొదలైంది. మొదట నడుం, రెండో రోజుకి రెండు కాళ్ళలోకి పాకింది. మూడో రోజు పొద్దున్నుంచి మూత్రం రాలేదు, నొప్పి మాత్రలు వేసుకున్నాడు కదా, నీళ్ళు తక్కువ తాగాడు కదా అనుకున్నాం. సాయంత్రానికి పొట్ట కింద ఉబ్బింది, వాడికి నొప్పి కూడా తెలీలేదు. మా వదిన వాడి తొడ లోపల గిచ్చితే తెలీలేదన్నాడు. ఆ రాత్రి తీసుకెళ్తే పెద్ద డిస్కు ముక్క నరాల గుత్తిని నొక్కిందని తెల్లారేలోపే ఆపరేషన్ చేశారు. బతికాడు, నడుస్తాడు, మూత్రం సంగతి మాత్రం ఇప్పటికీ పూర్తిగా బాగుపడలేదు. మేము పొద్దున్నే పోయుంటే ఎట్లా ఉండేదో అని ఇంట్లో ఇప్పటికీ మాట్లాడుకోం.

రేణిగుంట ఫిజియో · జూన్ 20, మధ్యాహ్నం 2:40

రమణన్నా, ఇది రాసినందుకు థాంక్స్. మొదటి రోజు నేనడిగిన ప్రశ్నలు దీని కోసమే. ఇది చాలా అరుదు, కానీ వస్తే రేపు చూద్దాం అనే రకం కాదు, ఆ గంటలోనే పోవాలి. తోట అన్నా, నువ్వు రోజూ స్నానం చేసేటప్పుడు తొడల లోపల చెయ్యి తగిలితే తెలుస్తోందా, మూత్రం ధార మామూలుగా ఉందా అని చూసుకో చాలు. క్యాన్సర్ వచ్చి తగ్గినవాళ్ళు, చాలాకాలం స్టెరాయిడ్లు వాడినవాళ్ళు, జ్వరంతో నడుం నొప్పి వచ్చినవాళ్ళు, ఎముకలు పలచబడిన పెద్దవాళ్ళు కూడా ఈ చర్చ చూసి ఇంట్లో ఉండిపోవద్దు, వాళ్ళ లెక్క వేరు.

తోతాపురి తోట · జూన్ 22, రాత్రి 8:20

దెబ్బ పడింది సార్. నిన్నటికి దాదాపు మామూలు, రెండు పూటలా చెరో అర గంట నడిచినా. ఈరోజు మండీలో లెక్కలు చూసుకోవాలని బెంచీ మీద రెండు గంటలు కూర్చున్నా, కదలకుండా. లేవబోతే మొదటి రోజు లాగే పట్టేసింది. ఏమీ ఎత్తలేదు, ఒట్టు. మళ్ళీ లోపల ఏమైనా తెగిందా? ఇన్ని రోజులు నడిచి తప్పు చేసినానేమో అనిపిస్తోంది.

భాస్కర్ మామ · జూన్ 22, రాత్రి 8:31

నేను చెప్పలా?

రేణిగుంట ఫిజియో · జూన్ 22, రాత్రి 9:45

నడిచినందుకు కాదు, రెండు గంటలు నడవనందుకు పట్టేసింది. కూర్చున్నప్పుడు నడుం కొంచెం వంగి ఉంటుంది, వెన్ను కండరాలు అదే పొడవులో బిగుసుకుపోతాయి, ఇంకా పూర్తిగా నమ్మకం కుదరని నరాలు లేచేటప్పుడు ఆ పాత కట్టు మళ్ళీ కట్టేస్తాయి. కొత్త దెబ్బ అయితే ఏదో ఒక లాగుడు, బరువు ఉండాలి. ఇది ఎట్లా తెలుస్తుందంటే, కాల్లోకి దిగలేదు కదా? రేపు మధ్యాహ్నానికి సగం తగ్గాలి. ఈ రాత్రి వేడి, పిక్కలు కుర్చీ మీద. రేపు రెండు మెట్లు వెనక్కి దిగు, అంటే మళ్ళీ గంటకి పది నిమిషాల నడక. ఇకపై అర గంటకి మించి ఒకే చోట కూర్చోకు, ఫోనులో అలారం పెట్టుకో.

నీకే కాదు, చాలామందికి రెండో వారంలో ఇట్లాంటి ఒక రోజు వస్తుంది. ఆ రోజు మంచం ఎక్కి నాలుగు రోజులు దిగనివాళ్ళే నెలల తరబడి లాగుతారు. ఒక కొలత పెట్టుకో: నడిచేటప్పుడు నొప్పి కొంచెం పెరిగినా అర గంటలో పాత స్థాయికి దిగి, మర్నాడు పొద్దున ఎక్కువ లేకపోతే ఆ పని చెయ్యొచ్చు. మర్నాడూ ఎక్కువే ఉంటే దాన్ని సగానికి తగ్గించు.

నైట్ డ్యూటీ · జూన్ 23, ఉదయం 6:00

ఫిజియో గారూ, ఒక సందేహం. మీరు బిగుసుడు బిగుసుడు అంటున్నారు, మా దగ్గర ఒక డాక్టరు కండరాల మీద తీగలు పెట్టి చూస్తే చాలామందిలో అంత బిగుసుడు కనబడదని అన్నారు. నిజమేనా?

రేణిగుంట ఫిజియో · జూన్ 23, ఉదయం 8:10

నిజమే, ఆ మాటలో విషయం ఉంది. కొందరిలో కండరం గట్టిగా పనిచేస్తున్నట్టు కనిపిస్తుంది, కొందరిలో కనబడదు, చేతికి మాత్రం రాయిలా తగులుతుంది. కాబట్టి నేను చెప్పిన నొప్పీ బిగుసుడూ చుట్టూ తిరిగే కథ అందరికీ అచ్చంగా అట్లాగే జరుగుతుందని ప్రమాణం చెయ్యను. నడిస్తే త్వరగా కోలుకుంటారన్నది మాత్రం ఆ కథ మీద ఆధారపడి లేదు, మనుషుల మీద చూసి తేల్చింది.

తోతాపురి తోట · జూన్ 26, రాత్రి 9:10

మీరు చెప్పినట్టే మర్నాటి మధ్యాహ్నానికి సగం, ఎల్లుండికి మొత్తం దిగింది. వంకర లేదు. ఈరోజు తోటలో ఖాళీ క్రేట్లు సర్దినా, మోకాళ్ళు వంచి, పొట్టకి ఆనించి, తిరగాల్సి వస్తే నడుం కాదు పాదాలు తిప్పి. నిండువి ఇంకా ముట్టుకోలేదు. ఇప్పుడు అసలు ప్రశ్న, అలిపిరి. 3550 మెట్లు, ఇంకా మూడు రోజులే. ఎక్కొచ్చా?

జిమ్ కుర్రోడు · జూన్ 26, రాత్రి 9:16

శ్రీవారి మెట్టు నుంచి పో అన్నా, 2388 మెట్లే.

రేణిగుంట ఫిజియో · జూన్ 26, రాత్రి 10:20

అవి తక్కువే కానీ నిటారుగా ఉంటాయి తమ్ముడూ. తోట అన్నా, ఎక్కడం వల్ల నడుంకి నష్టమని నేననను, నడకే కదా. కానీ నువ్వు ఇప్పటిదాకా ఎక్కిన ఎక్కువ మెట్లెన్ని, మీ మేడ మెట్లేనా? ఒక్కసారిగా అన్ని వేలంటే నాకు మనసొప్పదు. రేపు, ఎల్లుండి మీ మేడ మెట్లు పదేసి సార్లు ఎక్కి దిగి, మర్నాడు పొద్దున ఎట్లా ఉందో చూడు. పాపని మాత్రం ఎత్తుకోవద్దు, అదే అసలు ప్రమాదం.

భాస్కర్ మామ · జూన్ 26, రాత్రి 10:41

స్వామి మీద భారం వేసి ఎక్కు అబ్బాయ్. నొప్పి వస్తే గాలిగోపురం దగ్గర కూర్చో, ఎంతసేపైనా.

నైట్ డ్యూటీ · జూన్ 26, రాత్రి 11:30

నేనైతే ఈసారి బస్సులో పోయి, మొక్కు రెండు నెలల తర్వాత తీర్చుకోమంటా. ఫిజియో గారితో ఇక్కడ నేను ఒప్పుకోను.

తోతాపురి తోట · జూన్ 30, సాయంత్రం 5:00

మేడ మెట్లు రెండు రోజులూ ఎక్కి దిగినా, మర్నాడు ఏమీ అనిపించలేదు. అందుకని నిన్న తెల్లవారుజామున మొదలుపెట్టినాం. పాపని మా బావమరిది ఎత్తుకున్నాడు, ఎం.ఆర్.ఐ. మాట ఎత్తలేదు. నేను గాలిగోపురం దాకా ఎక్కినా, అయిదు చోట్ల ఆగి, ఆగిన చోట కూర్చోకుండా అటూ ఇటూ తిరిగి. అక్కడికొచ్చేసరికి ఎడమ పక్క సన్నగా లాగింది. ఆగిపోయి నెమ్మదిగా దిగి అలిపిరిలో బస్సెక్కినా, మా ఆవిడా వాళ్ళూ మోకాళ్ళ పర్వతం దాటి పైకొచ్చేసరికి కల్యాణకట్ట దగ్గర వాళ్ళ కోసం ఎదురు చూస్తున్నా. పొద్దున లేస్తే నడుం బాగానే ఉంది, పిక్కలు మాత్రం పట్టేసినాయి. మిగిలిన మెట్లు ఎప్పుడని మా అమ్మ అడుగుతోంది. భాస్కర్ మామా, సగం మెట్లకి మొక్కు చెల్లినట్టేనా?

భాస్కర్ మామ · జూన్ 30, సాయంత్రం 5:22

చెల్లదు.